బొటనవేలు చూపితే ఒప్పుకున్నట్టేనా?

కెనడాలోని సస్కాచివాన్ ప్రావిన్సులో 2021 మార్చిలో ధాన్యం కొనే కంపెనీ ప్రతినిధి ఒకరు అక్కడి రైతులకు ఫోన్‌లో మెసేజ్ పెట్టాడు. అవిసె గింజలు కావాలి, బుషెల్‌కు 17 డాలర్లు ఇస్తామన్నది దాని సారాంశం. ఆ తర్వాత ఒక రైతుతో ఫోన్‌లో మాట్లాడాడు. ఒప్పంద పత్రం తయారుచేసి, సంతకం పెట్టి, ఫొటో తీసి అతనికి పంపాడు. 'దయచేసి అవిసె ఒప్పందాన్ని ఖరారు చేయండి' అని కింద ఒక వాక్యం చేర్చాడు. రైతు నుంచి జవాబుగా ఒకే ఒక్క బొమ్మ వచ్చింది: 👍

నవంబరు వచ్చింది, గింజలు రాలేదు. ఈలోగా మార్కెట్లో ధర 41 డాలర్లకు ఎగబాకింది. కంపెనీ కోర్టుకెక్కింది. 'పత్రం అందిందని చెప్పడానికే బొటనవేలు చూపాను, ఒప్పుకున్నానని కాదు' అని రైతు వాదించాడు. గతంలో అదే కంపెనీ పంపిన ఒప్పందాలకు ఆ రైతు 'ఓకే', 'బాగుంది' లాంటి పొట్టి జవాబులిచ్చి, సరుకు సక్రమంగా అప్పగించిన సంగతిని న్యాయమూర్తి గమనించాడు. ఈ బొమ్మ కూడా ఆ కోవలోని సమ్మతేనని 2023 జూన్‌లో తీర్పు చెప్పాడు. నష్టపరిహారం 82 వేల కెనడా డాలర్లు దాటింది. 2024 డిసెంబరులో అప్పీలు కోర్టు కూడా మెజారిటీ అభిప్రాయంతో ఆ తీర్పును నిలబెట్టింది.

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. ఆ ఇద్దరిదీ ఒకే భాష. ఒకే ప్రాంతం, ఒకే వ్యాపారం. ఏళ్ల తరబడి పరిచయం. అయినా ఒక్క బొమ్మకు రెండు అర్థాలు వచ్చాయి. అలాంటిది మాదాపూర్‌లోనో విశాఖలోనో కూర్చున్న ఉద్యోగి డాలస్‌లోని మేనేజరుకు, మ్యూనిక్‌లోని ఇంజినీరుకు, టోక్యోలోని కస్టమరుకు ఒకే గ్రూపులో మెసేజ్ పెడితే, అందులోని 🙏 నూ, వరుసగా మూడు ఆశ్చర్యార్థకాలనూ ఎవరెవరు ఎలా చదువుకుంటారు?

జపాన్ సరుకు

ఎమోజీలను అంతర్జాతీయ భాష అనడం పరిపాటి. వాటి పుట్టుక చూస్తే అవి ఒక దేశపు అలవాట్లలోంచి వచ్చాయని తెలుస్తుంది. 1999లో జపాన్ ఫోన్ కంపెనీ ఎన్‌టీటీ డొకొమో కోసం షిగెతాకా కురిత 176 బొమ్మలు తయారుచేశాడు. ఒక్కోటి అడ్డంగా 12, నిలువుగా 12 చుక్కల గళ్లలో ఇమిడిన బొమ్మ. అంతకుముందే జపాన్‌లో మరో కంపెనీ ఫోన్లలోనూ ఇలాంటివి ఉన్నా, ఊరూవాడా పాకినవి ఇవే. 2010లో యూనికోడ్ ప్రమాణంలోకి ఎమోజీలు పెద్ద సంఖ్యలో చేరాయి. మరుసటి ఏడాది ఐఫోన్ కీబోర్డులోనే అవి అందరికీ కనిపించడంతో ప్రపంచమంతా వాడకం మొదలైంది.

బొమ్మలు దేశాలు దాటాయిగానీ వాటి వెనకున్న అర్థాలు వాటితోపాటు రాలేదు. 😪 అన్న ముఖం చూడండి. మన కంటికి అది కన్నీటి చుక్క. నిజానికి అది ముక్కులోంచి వచ్చిన బుడగ. పాత్ర నిద్రపోతోందని చెప్పడానికి జపాన్ కామిక్స్‌లో అలా గీస్తారు. ముక్కుల్లోంచి ఆవిరి చిమ్మే 😤 ముఖానికి యూనికోడ్‌లో మొదట పెట్టిన పేరు గెలుపు గర్వాన్ని చెబుతుంది. మనవాళ్లూ అమెరికన్లూ దాన్ని కోపానికి వాడతారు. నేలకు తలవంచిన 🙇 బొమ్మ జపాన్‌లో క్షమాపణో, గట్టి విన్నపమో. తెలియనివాళ్లకు అదేదో వ్యాయామంలా కనిపిస్తుంది.

దీనికితోడు, పంపినవారి ఫోన్‌లో కనిపించే బొమ్మా, అందుకున్నవారి ఫోన్‌లో కనిపించే బొమ్మా ఒకటే కానక్కర్లేదు. యూనికోడ్ ఇచ్చేది ఒక సంఖ్యా, ఒక పేరూ మాత్రమే. దాన్ని ఎలా గీయాలన్నది ఆపిల్, గూగుల్, మైక్రోసాఫ్ట్, శాంసంగ్‌ల ఇష్టం. అమెరికాలోని మినెసోటా విశ్వవిద్యాలయ పరిశోధకులు 2016లో దీన్ని పరీక్షించారు. పళ్లు కనిపించేలా నవ్వే 😁 ముఖం అప్పటి ఆపిల్ ఫోన్లలో పళ్లు బిగబట్టినట్టుండేది. అదే ముఖం మిగతా ఫోన్లలో హాయిగా నవ్వుతున్నట్టుండేది. ఇద్దరికీ ఒకే గీత చూపించినప్పుడు కూడా నాలుగోవంతు సందర్భాల్లో అది మంచి భావమా, చెడ్డ భావమా, రెండూ కాదా అన్నదానిపైనే ఏకాభిప్రాయం కుదరలేదు. తర్వాత కంపెనీలు బొమ్మలను దాదాపు ఒకే తీరుకు తెచ్చాయి. చూసే మనుషులను మాత్రం అలా ఒకే తీరుకు తేలేరు కదా.

నవ్వుముఖం ఇచ్చేదెంత, తీసుకునేదెంత

కొత్తవారికి రాసే మొదటి మెసేజ్‌లో ఒక నవ్వుముఖం పెడితే స్నేహంగా ఉంటుందని చాలామంది నమ్మకం. ఇజ్రాయెల్, నెదర్లాండ్స్ పరిశోధకులు కలిసి ఈ నమ్మకాన్ని పరీక్షకు పెట్టి, 2017లో ఫలితాలు ప్రచురించారు. 29 దేశాలకు చెందిన 549 మంది ఆ ప్రయోగాల్లో పాల్గొన్నారు. ముఖపరిచయం లేని ఉద్యోగి రాసిన ఆఫీసు ఈమెయిల్‌ను కొందరికి నవ్వుముఖంతో, కొందరికి అది లేకుండా చూపించారు. నవ్వుముఖం వల్ల రాసినవారి మీద ఆప్యాయత పెరగలేదు. పని తెలిసిన మనిషేనా అన్న అంచనా మాత్రం తగ్గింది. అంతేకాదు, నవ్వుముఖం ఉన్న ఉత్తరానికి వచ్చిన జవాబుల్లో పనికి సంబంధించిన వివరాలూ తక్కువే ఉన్నాయి. అదే ప్రయోగాల్లో ఉద్యోగి ఫొటో చూపించినప్పుడు, ఫొటోలోని నిజమైన నవ్వు ఆప్యాయతనూ, సామర్థ్యం మీది నమ్మకాన్నీ రెంటినీ పెంచింది. అంటే మనిషి నవ్వుకు దక్కిన మర్యాద పసుపుపచ్చ బొమ్మ నవ్వుకు దక్కలేదన్నమాట.

ఈ పరిశోధనకు ఒక హద్దుంది. అది మొదటి పరిచయంలో రాసిన ఈమెయిళ్ల గురించి. రోజూ మాట్లాడుకునే సహోద్యోగుల చాట్‌కు దాన్ని యథాతథంగా అంటగట్టకూడదు. ఏడాదిగా కలిసి పనిచేస్తున్న టీమ్‌లో 😊 ఎవరినీ నొప్పించదు. అందుకే కాలక్రమాన్ని గుర్తుపెట్టుకోవాలి. మొదటి మెసేజ్‌లో బొమ్మలు వద్దు. అవతలివారు తమంతట తాము ఒకటి వాడాక మనమూ ఆ మోతాదులో వాడొచ్చు.

ఏ నవ్వు వాడాలన్నదీ ముఖ్యమే. చైనావారితో పనిచేసేవారికి ఇది బాగా తెలిసిన విషయం. 🙂 అన్న చిరునవ్వు అక్కడి పెద్దతరానికి మామూలు చిరునవ్వే. యువతరానికి మాత్రం అది 'సరేలే, నీ ఖర్మ' అన్నట్టుండే పొడినవ్వు. వెటకారమో, చిరాకో, ఇక మాట్లాడేది లేదన్న విసుగో అందులో వాళ్లకు కనిపిస్తుంది. హైదరాబాద్ నుంచి 'మీ డిజైన్ చూశాం 🙂' అని రాస్తే షెంజెన్‌లోని పాతికేళ్ల డిజైనరు తన పని నచ్చలేదేమో అనుకునే వీలుంది. కనుక దేశాన్ని బట్టి మాత్రమే లెక్క వేసినా తప్పే. ఒకే దేశంలో తండ్రికీ కూతురికీ మధ్య కూడా అర్థం మారుతోంది.

రెండు చేతులు, మూడు అర్థాలు

తెలుగువారి చాట్‌లో 🙏 లేని రోజుండదు. నమస్కారానికి అదే, కృతజ్ఞతకు అదే, 'కాస్త చూడండి సార్' అనడానికీ అదే. పెళ్లి పిలుపు నుంచి సంతాపం దాకా అన్నిటికీ సరిపోతుంది. మన కంటికి దాని అర్థం ఒక్కటే: మర్యాద.

ఇంత ఎక్కువగా అది ఎందుకు దొర్లుతుందో కొంచెం ఆలోచిస్తే కారణం తడుతుంది. తెలుగులో మర్యాద క్రియలోనే ఉంటుంది. 'పంపండి', 'చూడండి' అంటే చాలు, వేరే అలంకారం అక్కర్లేదు. పేరు పక్కన 'గారు' చేరుతుంది. అదే మనిషి ఆంగ్లంలో రాయడం మొదలుపెట్టగానే ఆ రెండూ చేజారిపోతాయి. వాక్యం బోసిగా, కాస్త కటువుగా అనిపిస్తుంది. ఆ లోటు పూడ్చడానికి చెయ్యి అలవాటుగా 🙏 మీదికి వెళ్తుంది. ఆశ్చర్యార్థకాలు పెరగడానికీ కొంతవరకు ఇదే కారణం.

చిక్కేమిటంటే, అవతలివారికి ఈ లోటూ తెలియదు, పూడ్చిన సంగతీ తెలియదు. జపాన్ పాఠకుడికి జోడించిన చేతులు ఎక్కువగా 'క్షమించండి' అనో, 'దయచేసి' అనో చెబుతాయి. 'రిపోర్టు రేపు పంపుతాం 🙏' అన్న మెసేజ్ మనకు మర్యాదైన సమాచారం. అతనికి అది ఆలస్యానికి క్షమాపణలా వినిపించొచ్చు. అప్పుడు 'అంటే గడువు దాటిందా?' అన్న అనుమానం పుడుతుంది. అమెరికాలో చాలామందికి అవి ప్రార్థిస్తున్న చేతులు. కష్టంలో ఉన్నవారికి ధైర్యం చెప్పేటప్పుడు పెడతారు, కొన్నిసార్లు కృతజ్ఞతకూ వాడతారు. 'సర్వర్ ఆగిపోయింది, చూస్తున్నాం 🙏' అని రాస్తే ఇంజినీరు సర్వర్‌ను దేవుడికి వదిలేశాడేమో అన్న చమత్కారానికి అక్కడ చోటుంది.

పరిష్కారం సులువే. బొమ్మ చేస్తున్న పనిని మాటకు అప్పగించాలి. కృతజ్ఞతైతే 'ధన్యవాదాలు' అని, క్షమాపణైతే దేనికో చెప్పి 'క్షమించండి' అని, విన్నపమైతే 'పంపగలరా?' అని ప్రశ్నగా రాయాలి. ఆంగ్లంలో మర్యాదకు పెద్ద ఆధారం ఆ ప్రశ్నరూపమే. ఇవన్నీ రాశాక కూడా చేతులు జోడించాలనిపిస్తే జోడించవచ్చు. అప్పుడు ఎవరు ఏమనుకున్నా అర్థం చెదరదు.

ఒక గీత, కింద ఒక చుక్క

ఎమోజీ కొత్తది కాబట్టి అపార్థం సహజమని సర్దుకోవచ్చు. ఆశ్చర్యార్థకం వందల ఏళ్ల పాతది. అయినా దాని సంగతీ అంతే. ఒక్కో భాష దానికి ఒక్కో ఉద్యోగమిచ్చింది.

తెలుగు పత్రికల శీర్షికలే తీసుకుందాం. 'త్వరలో మంత్రివర్గ విస్తరణ!' అని కనిపిస్తే అందులో ఆశ్చర్యమేమీ లేదని తెలుగు పాఠకుడికి తెలుసు. అది వార్త ఇంకా ఖాయం కాలేదు, 'అట' అని చదువుకోమనడం. ఆ సంప్రదాయం తెలియని వాడు అదే గుర్తును చూస్తే విలేఖరి సంబరపడుతున్నాడనుకుంటాడు.

జర్మన్ వ్యాకరణంలో ఆజ్ఞార్థక వాక్యం చివర ఆశ్చర్యార్థకం పెట్టడం మామూలు. ఒకప్పుడు ఉత్తరం మొదట్లోని సంబోధన తర్వాత కూడా అదే ఉండేది, ఇప్పుడు కామా పెడుతున్నారు. రష్యన్‌లో ఈనాటికీ లాంఛనమైన ఉత్తరంలో 'గౌరవనీయులైన ఫలానావారికి' అన్నదాని తర్వాత ఆశ్చర్యార్థకమే వస్తుంది. కనుక జర్మన్ సహోద్యోగి నుంచి 'శుక్రవారంలోగా సరిచూడండి!' అని వస్తే అతను అరుస్తున్నాడని మనం కంగారుపడనక్కర్లేదు. అతని బడిలో నేర్పిన పద్ధతి అది. ఫ్రెంచివారు గుర్తుకు ముందు కాస్త ఖాళీ వదులుతారు. దాన్ని చూసి టైపింగు పొరపాటనుకోవద్దు. స్పానిష్‌లో తలకిందుల గుర్తుతో వాక్యం మొదలై, మామూలు గుర్తుతో ముగుస్తుంది. అయితే చాట్ హడావుడిలో ఆ మొదటిదాన్ని చాలామంది ఎగ్గొడతారు.

అమెరికన్ ఆంగ్లంలో కథ వేరు. అక్కడి ఆఫీసు చాట్‌లో ఒక్క ఆశ్చర్యార్థకం చిరునవ్వు పనిచేస్తుంది. 'థాంక్స్!' అంటే మామూలు మర్యాద. 'థాంక్స్.' అని చుక్క పెడితే మనసులో ఏదో పెట్టుకున్నాడేమో అనిపిస్తుంది. న్యూయార్క్ రాష్ట్రంలోని బింగమ్టన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2015లో దీనికి దగ్గరి విషయమే విద్యార్థులపై పరీక్షించారు. ఫోన్ మెసేజ్‌లో ఒక్కమాట జవాబు చివర చుక్క ఉంటే, అదే జవాబు చుక్క లేకుండా ఉన్నప్పటికంటే చిత్తశుద్ధి తక్కువగా ఉన్నట్టు వారు భావించారు. చేతిరాత చీటీల్లో మాత్రం ఆ తేడా రాలేదు. జపాన్‌లోనూ ఇదే ధోరణి. పెద్దలు వాక్యం చివర చుక్క పెడితే తమను కసురుతున్నట్టుందని అక్కడి యువత అనడం 2024లో పెద్ద చర్చే అయింది. దానికి ఎదురుగా, నడివయసు మగవాళ్లు ఎర్ర ఆశ్చర్యార్థకాలూ బొమ్మలూ గుప్పించి రాసే తీరును ఎగతాళి చేయడానికి అక్కడ ప్రత్యేకంగా ఒక పేరే పుట్టింది.

కాబట్టి ఆశ్చర్యార్థకాన్ని పూర్తిగా మానేయడం తెలివి కాదు. ఎక్కడ పెట్టాలన్నదే ప్రశ్న. కృతజ్ఞత, అభినందన, స్వాగతం: ఈ మూడింటికి ఒకటి పెడితే ఎక్కడా తప్పు కాదు. విన్నపానికీ, గడువుకూ, పొరపాటు ఎత్తిచూపే వాక్యానికీ పెట్టకూడదు. 'రిపోర్టు పంపండి!' అన్నది మనకు ఉత్సాహం, అమెరికన్‌కు హుకుం. రెండూ, మూడూ వరుసగా పెడితే ఏ భాషవారికైనా అది అరుపో, చిన్నపిల్లల రాతో అవుతుంది. ఒక మెసేజ్‌కు ఒక్కటి అని పెట్టుకుంటే లెక్క చెడదు.

'అర్జెంట్!!!' అన్నదానికీ ఇదే మందు. అందులో ఆందోళన ఉందిగానీ సమాచారం లేదు. దాని బదులు గడియారం రాయాలి. భారత సమయం సాయంత్రం 6 గంటల్లోపు కావాలంటే, వేసవిలో న్యూయార్క్‌వారికి అది ఉదయం 8:30, బెర్లిన్‌వారికి మధ్యాహ్నం 2:30. ఆ అంకె కనిపించగానే తొందర ఎంతో వారికే అర్థమవుతుంది.

ఒక మెసేజ్, ముగ్గురు పాఠకులు

ఒక ఉదాహరణను దగ్గరగా చూద్దాం. ఇది కల్పితమే అయినా ఇలాంటివి సాఫ్ట్‌వేర్ కంపెనీల చాట్‌లో తరచూ కనిపించేవే. ఆన్‌లైన్ దుకాణం ఒకదానికి హైదరాబాద్ టీమ్ సాంకేతిక సేవ చేస్తోంది. గ్రూపులో అమెరికా మేనేజరు, జర్మన్ ఇంజినీరు, జపాన్ టెస్టరు ఉన్నారు. వేసవిలో ఒక సాయంత్రం డబ్బు చెల్లించే పేజీ ఆగిపోయింది. హైదరాబాద్ నుంచి ఆంగ్లంలో వెళ్లిన మెసేజ్ సారాంశం ఇది:

'హాయ్ టీమ్!!! 🙏🙏 పేమెంట్ పేజీలో చిన్న ఇష్యూ వచ్చింది 😅 మావాళ్లు చూస్తున్నారు!! త్వరలో అయిపోతుంది 🤞 మీవైపు లాగ్స్ అర్జెంటుగా పంపండి!!! 🙏'

రాసిన మనిషి కష్టపడి పనిచేస్తున్నాడు. అవతలివారిని కంగారు పెట్టకూడదని తేలిగ్గా చెప్పాడు. ఇప్పుడు ముగ్గురూ దీన్ని ఎలా చదివే వీలుందో చూడండి.

అమెరికా మేనేజరు కన్ను ముందు 😅 మీద పడుతుంది. మనకది 'అయ్యో, ఇలా అయింది' అన్న సిగ్గు. అమ్మకాలు ఆగిపోయిన ఆమెకు అది నవ్వు. పక్కనే 🤞 ఉంది. అదృష్టం బాగుంటే అయిపోతుందని దాని అర్థం. అంటే బాగుచేసే దారి వీళ్లకు ఇంకా దొరకలేదని ఆమె తేల్చుకుంటుంది. వియత్నాం సహోద్యోగి ఎవరైనా ఉండి ఉంటే ఆ వేళ్లు అతనికి బూతు సంజ్ఞలా కనిపించేవి కూడా.

జర్మన్ ఇంజినీరుకు ఆశ్చర్యార్థకం కొత్త కాదు. మూడు వరుసగా ఉండటం కొత్త. అంతకన్నా అతన్ని ఇబ్బంది పెట్టేది వేరే ఉంది. 'చిన్న' అంటే ఎంత? 'త్వరలో' అంటే ఎప్పుడు? ఏ సమయానికి చెందిన లాగ్స్? మూడు ప్రశ్నలు అడగందే అతను పని మొదలుపెట్టలేడు.

జపాన్ టెస్టరుకు చేతులు మూడుసార్లు కనిపించాయి, కానీ క్షమాపణ మాట ఒక్కటీ లేదు. సేవ ఆగిపోయినప్పుడు అతను మొదట వెతికేది ఆ మాటనే. దాని చోట చెమట పట్టిన నవ్వుముఖం ఉంది.

గమనిస్తే, ఇందులో ప్రతి గుర్తూ చెప్పకుండా వదిలేసిన ఒక విషయం మీద మూతలా కూర్చుంది. 😅 కింద సమస్య తీవ్రత దాక్కుంది. 🤞 కింద సమయం దాక్కుంది. '!!!' కింద గడువు, 🙏 కింద క్షమాపణ దాక్కున్నాయి. ఆ నాలుగింటినీ బయటికి తీస్తే మెసేజ్ ఇలా మారుతుంది:

'అందరికీ నమస్కారం. పేమెంట్ పేజీ 13:40 యూటీసీ నుంచి కార్డు చెల్లింపులను తీసుకోవడం లేదు. మిగతా పద్ధతులు పనిచేస్తున్నాయి. అసౌకర్యానికి క్షమించండి. ఇద్దరు ఇంజినీర్లు కారణం వెతుకుతున్నారు. 14:30కి మళ్లీ రాస్తాను, అప్పటికి కారణం దొరక్కపోయినా సరే. మీ సర్వర్ లాగ్స్ 13:00 నుంచి 13:45 వరకు మాకు కావాలి. 14:15 లోపు పంపగలరా? ధన్యవాదాలు.'

బొమ్మ ఒక్కటీ లేదు, ఆశ్చర్యార్థకం ఒక్కటీ లేదు. అయినా కటువుగా లేదు. క్షమాపణ మాటలో ఉంది, మర్యాద ప్రశ్నలో ఉంది, భరోసా 14:30 అన్న అంకెలో ఉంది. 13:40 యూటీసీ అంటే హైదరాబాద్‌లో రాత్రి 7:10. మూడు ఖండాలవాళ్లున్న గ్రూపులో అందరికీ ఒకే గడియారం వాడటం సాఫ్ట్‌వేర్ రంగంలో అలవాటే.

సమస్య తీరాక సంగతి మారుతుంది. 'పేమెంట్ పేజీ 15:05 నుంచి మామూలుగా నడుస్తోంది. లాగ్స్ వెంటనే పంపినందుకు ధన్యవాదాలు! 🎉' అని రాస్తే ఎవరికీ ఇబ్బంది లేదు. మంచి వార్త మాటల్లో పూర్తయింది. ఆశ్చర్యార్థకం కృతజ్ఞతకు వచ్చింది. 🎉 తీసేసినా ఏమీ తగ్గదు. అయితే కస్టమరు ఆ గంటన్నరలో డబ్బు నష్టపోయి ఉంటే పండగ బొమ్మ మానడమే మంచిది.

మెసేజ్ కింద పడే చిన్న బొమ్మ

ఎమోజీలు నిజంగా పనికొచ్చే చోటు ఒకటుంది. ఎదుటివారి మెసేజ్ కింద రియాక్షన్‌గా పెట్టడం. స్లాక్ లాంటి వేదికల్లో చాలా టీమ్‌లు దీనికి ఒక ఒప్పందం చేసుకుంటాయి. 👀 అంటే 'నేను చూస్తున్నాను', ✅ అంటే 'అయిపోయింది'. దీంతో పదిమంది పది 'ఓకే'లు రాసి గ్రూపును నింపే బాధ తప్పుతుంది. ఇది పనిచేయడానికి కారణం బొమ్మ గొప్పతనం కాదు, అర్థాన్ని ముందే రాసుకోవడం. గ్రూపు పైభాగంలో పిన్ చేసిన రెండు వాక్యాలు చాలు. కొత్తగా చేరినవారికి కూడా అవే చెబుతాయి. అలాంటి ఒప్పందం లేనిచోట 👀 అంటే 'ఇదేమిటి, తమాషాగా ఉందే' అని చదువుకునేవాళ్లూ ఉన్నారు.

రియాక్షన్‌తో సరిపెట్టకూడని మెసేజ్‌లు కొన్ని ఉంటాయి. ధర, తేదీ, అనుమతి, ఒప్పందం అడిగే మెసేజ్‌కు వాక్యంలోనే జవాబివ్వాలి. 'అందింది, చదివి రేపు చెబుతాను' అనో, 'ఈ ధరకు ఒప్పుకుంటున్నాను' అనో రాస్తే రెండో అర్థానికి తావుండదు.

కంటిచూపు లేనివారినీ లెక్కలోకి తీసుకోవాలి. వారి ఫోన్‌లో తెరను చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ ఎమోజీ వచ్చినప్పుడు దాని పేరు చదువుతుంది. అయిదు 🙏 వరుసగా పెడితే అదే పేరు మళ్లీ మళ్లీ వినాల్సి రావచ్చు. వాక్యం నడుమ పదం బదులు బొమ్మ పెడితే వాక్యమే తెగిపోతుంది. అందుకే బొమ్మ పెట్టదలిస్తే ఒక్కటి, అదీ వాక్యం ముగిశాక.

మన రాత అవతలివారికి ఎబ్బెట్టుగా ఉందని ఎవరూ మొహం మీద చెప్పరు. జాడలు మాత్రం కనిపిస్తాయి. మనం బొమ్మతో చెప్పిన విషయాన్ని వారు 'అంటే మీరు ఒప్పుకున్నట్టేనా?' అని మాటల్లో మళ్లీ అడుగుతారు. జవాబులు రానురాను పొట్టివవుతాయి. 'ఏమైనా ఇబ్బందా?' అని ఆరా తీస్తారు. చాట్‌లో తేలిపోయే సంగతికి కాల్ పెడతారు. గ్రూపు మొత్తంలో బొమ్మలు పెడుతున్నది మనమొక్కరమే అని ఒకరోజు గమనిస్తాం. వీటిలో ఏది కనిపించినా నొచ్చుకోనక్కర్లేదు. తర్వాతి మెసేజ్ నుంచి మోతాదు తగ్గిస్తే చాలు. అనుమానం మరీ బలంగా ఉంటే 'నిన్న నేను పెట్టిన గుర్తుకు అర్థం ఇది' అని ఒక్క వాక్యంలో చెప్పడం అన్నిటికన్నా దగ్గరి దారి.

కొత్త కస్టమరు గ్రూపులో చేరేవారికి చివరగా ఒక సూచన. మొదటి మెసేజ్ పెట్టేముందు అక్కడి పాత సంభాషణను కాస్త పైకి జరిపి చూడండి. ఎవరు ఏ గుర్తు వాడుతున్నారో, కస్టమరు పక్షంలో పెద్ద హోదావారు ఎలా రాస్తున్నారో అందులోనే ఉంటుంది. తర్వాత మీరు రాసినదాన్ని పంపేముందు బొమ్మలన్నీ, ఒకటికి మించిన ఆశ్చర్యార్థకాలన్నీ తీసేసి ఒకసారి చదవండి. అర్థమూ మర్యాదా రెండూ నిలిస్తే ఇష్టమైన బొమ్మ ఒకటి తిరిగి పెట్టుకోవచ్చు. ఏదైనా తగ్గినట్టు అనిపిస్తే బొమ్మ పెట్టకండి, అక్కడ ఒక వాక్యం చేర్చండి.